నొప్పి క్లాసు ఒక రోజు, మాట్లాడే క్లాసు ఇంకో రోజు పెడితే మార్ఫిన్ పని చేయదు

ముదిరిన క్యాన్సర్ పేషెంట్లని చూసుకోవడం మీద హౌస్ సర్జన్లకీ నర్సులకీ మనం పెట్టే పాలియేటివ్ కేర్ మాడ్యూల్ చూడండి, ఎక్కువ చోట్ల ఒకటే వరస. పొద్దున నొప్పి, వాంతులు, ఆయాసం, మలబద్ధకం, వాటికి మందులు, డోసులు. మధ్యాహ్నమో మర్నాడో "కమ్యూనికేషన్" అని ఒక గంట, అందులో ఒకళ్ళు డాక్టర్, ఇంకొకళ్ళు పేషెంట్ కొడుకు అయి నటిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు. 2019 నుంచి ఎంబీబీఎస్ సిలబస్‌లో కమ్యూనికేషన్‌కి విడిగా క్లాసులొచ్చాయి, మంచిదే. కానీ గుంటూరులో నేను ఈ మాడ్యూల్ చెప్తూ చూసిందేంటంటే ఈ రెండింటినీ విడదీసినంతకాలం రెండూ రావు. ఇంట్లో నిజం దాస్తున్నారంటే ఆ ఇంట్లో నొప్పి మందు సరిగ్గా పడదు. ఇది మనసుకి సంబంధించిన విషయం అనుకుంటారు గానీ, మాత్రలు లెక్కపెడితే తేలిపోయే విషయం.

క్లాసులో నేను వాడే కేసు ఒకటి చెప్తాను. ఇలాంటి కొన్ని కుటుంబాల సంగతులు కలిపి తయారుచేసుకున్నది, కాబట్టి ఎవరని వెతక్కండి. సత్తెనపల్లి వైపు నుంచి 62 ఏళ్ళ కౌలు రైతు, మిర్చి వేస్తాడు. పాంక్రియాస్ క్యాన్సర్, లివర్‌కి పాకింది, కీమో పడే ఒంటి స్థితి లేదు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పొడుచుకుపోయే నొప్పి, వెల్లకిలా పడుకుంటే ఎక్కువ, ముందుకి వంగి కూర్చుంటే కాస్త నయం, అందుకని రాత్రంతా మంచం అంచున కూర్చునే ఉంటాడు. ట్రమడాల్ 50 మిల్లీగ్రాములు రోజుకి నాలుగుసార్లు వాడుతున్నా పదికి ఎనిమిది అంటున్నాడు. ఇంట్లో ఆయనకి చెప్పింది "గ్యాస్ ట్రబుల్, లోపల పుండు పడింది" అని.

కిడ్నీలు బాగానే ఉన్నాయి కాబట్టి ట్రమడాల్ ఆపేసి మార్ఫిన్ మొదలుపెట్టారు. మాత్ర 10 మిల్లీగ్రాములది, అందులో సగం, అంటే 5. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, ఇవి నాలుగు. రాత్రి పదింటికి మాత్రం ఒక పూర్తి మాత్ర, రాత్రి రెండింటికి లేపక్కర్లేకుండా. మొత్తం రోజుకి 30. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే ఇచ్చే అదనపు డోసు రోజు మొత్తంలో ఆరో వంతు, అంటే ఇంకో సగం మాత్ర. నాలుగు గంటలకోసారి ఎందుకంటే ఈ మాత్ర పనిచేసేది దాదాపు అంతసేపే, నొప్పి వచ్చాక వేస్తే ప్రతిసారీ మొదటికొస్తుంది. దాంతోపాటు రాత్రి పూట విరేచనం సాఫీగా అవడానికి బైసకోడిల్, ఇది మొదటి రోజు నుంచే, ఎందుకంటే మార్ఫిన్ వల్ల వచ్చే వికారం, మత్తు కొన్ని రోజుల్లో సర్దుకుంటాయి గానీ మలబద్ధకం మాత్రం ఎన్నాళ్ళయినా సర్దుకోదు. మన ఇళ్ళల్లో వెంటనే ఇసబ్‌గోల్ కలిపి ఇస్తారు, నీళ్ళే సరిగ్గా తాగలేని మనిషికి అది లోపల ఇంకా గట్టిపడుతుంది, వద్దని అప్పుడే చెప్పాలి.

నాలుగో రోజు కొడుకు వచ్చాడు. "మేడమ్, ఈ మందు పనిచేయట్లేదు, రూపాయికి పావలా కూడా తగ్గలేదంటున్నాడు నాన్న." ఇక్కడ క్లాసు ఆపి పిల్లల్ని అడుగుతాను, ఏం చేస్తారని. తొంభై పాళ్ళు వచ్చే జవాబు డోసు పెంచుతాం అని. పుస్తకం ప్రకారం తప్పు కూడా కాదు, 30 నుంచి 50 శాతం పెంచొచ్చు. కానీ ముందు అడగాల్సింది, "స్ట్రిప్ తెచ్చారా, ఎన్ని మిగిలాయి?" రోజుకి మూడు మాత్రల లెక్కన మూడు రోజులకి తొమ్మిది అయిపోవాలి, అదనపు డోసులు వేసుంటే ఇంకా ఎక్కువ. పోయినవి రెండున్నర. మందు పనిచేయకపోవడం కాదు, మందు కడుపులోకే వెళ్ళలేదు.

ఎందుకు వెళ్ళలేదో అడిగితే కొడుకు చెప్పింది వినండి. "గ్యాస్‌కి రాత్రి పదింటికి డబుల్ మాత్ర ఏంట్రా అని అడుగుతున్నాడు మేడమ్, ఏం చెప్పను? పైగా అది అలవాటైపోతుందంట కదా, ఇంక ఆఖర్లో వేసేదంట కదా, అందుకని మరీ అరిచినప్పుడే ఇస్తున్నా." ఒక్క మాటలో మూడు కారణాలున్నాయి, అబద్ధం ఒకటి, అడిక్షన్ భయం ఒకటి, మార్ఫిన్ మొదలెట్టారంటే అయిపోయినట్టే అన్న నమ్మకం ఒకటి. ఈ మూడోది జనం అమాయకత్వం అని కొట్టిపారేయడానికి లేదు, మనమే చివరి వారంలో తీసి రాస్తున్నాం కాబట్టి వాళ్ళు చూసింది అదే, మార్ఫిన్ వచ్చింది, మనిషి పోయాడు. ఇదంతా అడక్కుండా డోసు రెండింతలు చేసి పంపి, భయపడిన కొడుకు ఒకరోజు కాగితం మీదున్నట్టే మొత్తం వేస్తే, అలవాటు లేని ఒంటికి ఒక్కసారిగా అంత పడుతుంది.

సరే, ఇప్పుడు మాట్లాడటం. ముందు కొడుకుతో. "నాన్నకి మాత్రం చెప్పకండి, చెప్తే ఆ రోజే పోతాడు" అనే కొడుకుని చాలామంది డాక్టర్లు రెండు రకాలుగా చూస్తారు, సరేనని ఒప్పేసుకుని వాళ్ళూ అబద్ధంలో చేరిపోవడం, లేదా పేషెంట్ హక్కు అంటూ వాదించి ఆయన ముందే చెప్పేయడం. రెండోది మరీ ఘోరం, ఆ కుటుంబం మళ్ళీ మీ గుమ్మం తొక్కదు, మార్ఫిన్ కూడా అక్కడితో ఆగిపోతుంది. అసలు చేయాల్సింది అతను దేనికి భయపడుతున్నాడో అడిగి, చెప్పేదాకా ఊరుకోవడం. "నాన్న ఏం చేస్తాడని మీ భయం?" "తిండి మానేస్తాడు మేడమ్. మా పెదనాన్నకి చెప్పారు, వారం తిరక్కుండా పోయాడు." "మరి ఇప్పుడు నాన్న ఏమనుకుంటున్నాడు? ఎప్పుడైనా అడిగారా?" అడగలేదు. అప్పుడు ఒక మాట ఇవ్వాలి, అది నిజంగా నిలబెట్టుకోవాలి: "నా అంతట నేను ఏదీ చెప్పను. ఆయనకి ఏం తెలుసు, ఎంత తెలుసుకోవాలనుంది, అది మాత్రం అడుగుతాను. ఆయన అడిగితే అబద్ధం చెప్పను. మీరు పక్కనే ఉండండి." ఇంత స్పష్టంగా చెప్తే ఒప్పుకునేవాళ్ళే ఎక్కువ, కొందరు ఒప్పుకోరు, అప్పుడు ఆ రోజుకి మందు గురించి మాత్రమే మాట్లాడి మళ్ళీ రమ్మనాలి.

పెద్దాయనతో మాట్లాడేటప్పుడు కూర్చోవాలి, మంచం పక్కన నిలబడి అడిగితే ఎవరూ మనసులోది చెప్పరు. "పెద్దాయనా, ఈ నొప్పి ఎందుకొస్తోందని మీకనిపిస్తోంది?" ఆయన కాసేపు కొడుకు వంక చూసి, "గ్యాస్‌కి ఇన్ని స్కానింగులు తీస్తారా అమ్మా" అన్నాడు. అంటే సగం తెలుసు. "ఆ స్కానింగుల్లో ఏమొచ్చిందో మీకు చెప్పమంటారా, లేక మందుల సంగతి అబ్బాయితో మాట్లాడమంటారా?" ఈ ప్రశ్నే ఈ మాడ్యూల్ మొత్తానికి గుండెకాయ అంటాను నేను. కొందరు "మా వాడితో మాట్లాడండమ్మా" అంటారు, అదీ ఆయన నిర్ణయమే, అక్కడితో ఆగాలి. ఈయన చెప్పమన్నాడు. "మనం అనుకున్నదానికంటే పెద్ద జబ్బే పెద్దాయనా" అని ఒక్క మాట అని ఆగాలి. ఆయన తల ఊపాక, "లోపల గడ్డ ఉంది, క్యాన్సర్, లివర్‌కి కూడా వెళ్ళింది." మళ్ళీ ఆగాలి. కుర్ర డాక్టర్లకి కష్టమయ్యేది ఈ ఆగడమే, గాభరాలో మందుల పేర్లు చెప్పడం మొదలుపెడతారు. ఇక్కడ ఎప్పుడూ అనకూడని మాట "ఇంక మేం చేసేది ఏం లేదు". అది నిజం కూడా కాదు, నొప్పికి చేసేది బోలెడుంది.

ఆయన అడిగింది, "కాయ కోసి యార్డుకి వేసేదాకా ఉంటానా?" కోతకి ఇంకా మూడు నెలలుంది. తేదీ చెప్పకూడదు, చెప్తే ఎలాగూ తప్పుతుంది. దాటేయకూడదు కూడా. "ఖచ్చితంగా ఎవరం చెప్పలేం. కానీ ఈ నెలరోజులుగా మీరు నీరసపడుతున్న తీరు చూస్తే కోతదాకా కష్టం అనిపిస్తోంది. వారాల లెక్కే అనుకుని లావాదేవీలు ఇప్పుడే అబ్బాయికి చెప్పుకోండి." కౌలుకి తెచ్చిన అప్పు ఎవరిదెంతో ఆయన నోటినుంచే కొడుక్కి తెలియాలి, లేకపోతే తర్వాత ఆ కుర్రాడే నలిగిపోతాడు. నిజం చెప్పడం వల్ల ఉపయోగం ఏంటని అడిగేవాళ్ళకి నేను ఈ అప్పుల సంగతే చెప్తాను.

ఆ సాయంత్రం నుంచి మాత్రలు టైముకి పడ్డాయి, ఎందుకంటే ఇప్పుడు అడిగి వేసుకుంటున్నది ఆయనే. రెండు రోజులు చూస్తే మామూలు 30 కాక, రోజుకి ఐదుసార్లు అదనంగా సగం మాత్ర పడుతోంది, అంటే మొత్తం 55. ఇప్పుడు పెంచడానికి లెక్క ఉంది: నాలుగు గంటలకోసారి 10, రోజుకి 60, అదనపు డోసు కూడా 10. నొప్పి మూడుకి దిగింది. మొదటి రెండు రోజులు బాగా పడుకుంటే ఇంట్లో కంగారుపడతారు, నెలల తరబడి నిద్రలేని మనిషి పడుకోడా మరి. పిలిస్తే లేచి మాట్లాడితే భయం లేదు. గట్టిగా కదిపినా లేవకపోవడం, శ్వాస నిమిషానికి ఎనిమిది కంటే తగ్గడం, కంటిపాపలు సూదిమొనలా అయిపోవడం, ఇవి డోసు ఎక్కువైన గుర్తులు, వెంటనే ఫోన్ చేయాలి. చేతులు కాళ్ళు ఉలిక్కిపడుతున్నట్టు అదరడం, మూత్రం తగ్గడం కనిపిస్తే కిడ్నీ చూడాలి, కిడ్నీ దెబ్బతింటే మార్ఫిన్ అవశేషాలు ఒంట్లోనే పేరుకుంటాయి.

మందు దొరకడం ఇంకో గోల. గుంటూరు కొత్తపేటలో అన్ని మెడికల్ షాపులున్నా మామూలు షాపుకెళ్ళి మార్ఫిన్ మాత్ర అడిగితే ఉండదు, గుర్తింపు పొందిన ఆసుపత్రి నుంచే తెచ్చుకోవాలి. 2014లో మత్తుమందుల మీదున్న ఎన్డీపీఎస్ చట్టం మార్చాక ఇంతకుముందులా నాలుగైదు లైసెన్సులు అక్కర్లేదు, రాష్ట్ర డ్రగ్ కంట్రోల్ దగ్గర ఒక్క గుర్తింపు చాలు. ఈ సంగతి క్లాసులో చెప్పకపోతే ఆ పిల్లలు రేపు నరసరావుపేటలోనో తెనాలిలోనో పనిచేసేటప్పుడు అప్లై కూడా చేయరు.

చివరి రోజుల గురించి కుటుంబానికి ముందే చెప్పడం కూడా సింప్టమ్ కంట్రోల్‌లో భాగమే అని నా వాదన. మింగలేని స్థితి వచ్చాక గొంతులో గురగుర మొదలవుతుంది, ఊపిరాడక కొట్టుకుంటున్నాడనుకుని అర్ధరాత్రి అంబులెన్సులో గుంటూరు తెచ్చేస్తారు, ఇక్కడ ఐసీయూలో గొట్టం వేస్తారు. ముందే చెప్పుంటే, పక్కకి తిప్పి పడుకోబెట్టాలనీ, ఆ శబ్దం మనల్ని భయపెట్టినంతగా ఆయన్ని బాధపెట్టదనీ తెలుస్తుంది. తులసి తీర్థం పోయొద్దు అనకండి, ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు, నోట్లో పోయకుండా దూదితో పెదాలు తడపమని చెప్పండి చాలు. మాత్ర మింగలేనప్పుడు చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇవ్వొచ్చు, నోటి డోసులో సగం నుంచి మూడో వంతు సరిపోతుంది, ఈయనకైతే రోజంతటికీ 20 నుంచి 30. కానీ సత్తెనపల్లి అవతల పల్లెలో ఆ ఇంజెక్షన్ చేసేదెవరు? అందుకే ఈ మాడ్యూల్‌లో హౌస్ సర్జన్లతో పాటు ఊళ్ళల్లో తిరిగే ఏఎన్ఎంలనీ కూర్చోబెట్టమంటున్నాను, పరీక్ష కూడా మందుల లిస్టు రాయించి పెట్టొద్దు, ఒక ఇంటికి పంపి స్ట్రిప్‌లో ఎన్ని మాత్రలు మిగిలాయో, ఎందుకు మిగిలాయో కనుక్కుని రమ్మనండి.