సవరణ: కొలిచిన అంకెను నేరుగా టోకెన్‌గా రాయొద్దు

"మీరు చెప్పినట్టే స్క్రీన్‌షాట్‌లో కొలిచి టోకెన్లు రాశాను. పేజీలో అన్నీ మూడింతలు పెద్దగా వస్తున్నాయి, ఎందుకండీ?"

పాఠకుల నుంచి వచ్చిన ప్రశ్న ఇది. స్క్రీన్‌షాట్‌లో కొలిచిన అంకెల్నే డిజైన్ టోకెన్లుగా, అంటే CSSలో పేరు పెట్టి దాచుకునే విలువలుగా, రాయమని పాత పోస్టులో చెప్పాను. ఆ వాక్యాన్ని ఇలా మార్చి చదవండి: ముందు స్క్రీన్‌షాట్ వెడల్పును డిజైన్ ఫ్రేమ్ వెడల్పుతో భాగించండి. ఇమేజ్ 1170, ఫ్రేమ్ 390 అయితే స్కేల్ 3. అంచు ఖాళీ 72 వస్తే, దాన్ని 3తో భాగించగా అసలు విలువ 24. 71 వచ్చిందంటే కర్సర్ కాస్త జరిగినట్టే, 24గానే రాయండి.

```css
:root {
  --space-lg: 24px;
  --font-body: 16px;
}
```

ఫాంట్ సైజుకు మాత్రం ఈ భాగహారం చాలదు, ఎందుకంటే కంటికి కనిపించే అక్షరం ఎత్తు ఫాంట్ సైజు కాదు. స్క్రీన్‌షాట్‌లోని ఒక వాక్యాన్ని అదే ఫాంట్‌లో 15, 16, 17 సైజుల్లో టైప్ చేసి, స్కేల్‌తో భాగించిన వెడల్పుకు ఏది సరిపోతుందో చూడండి. ఫాంట్ తెలియకపోతే అది అంచనానే. బటన్ రంగును అక్షరాలు లేని చోట, అంచులకు దూరంగా తీయండి. అక్షరాల అంచుల్లో బ్యాక్‌గ్రౌండ్ రంగు కలిసిపోయి ఉంటుంది.