అమ్మకు క్యాన్సర్ అని ఆరేళ్ల బిడ్డకు చెప్పేదెలా

ఇంట్లో తల్లికి రొమ్ము క్యాన్సర్ అని తేలితే పెద్దవాళ్లు ముందుగా చేసే పని, పిల్లల ముందు ఆ మాట రాకుండా చూసుకోవడం. "అమ్మకు ఒంట్లో బాగోలేదు, తగ్గిపోతుందిలే" అని సరిపెడతారు. ఉద్దేశం మంచిదే కానీ, ఆ మాటే తర్వాత బిడ్డకు చేటు చేస్తుంది. పోయిన నెల వాడికి జ్వరం వచ్చినప్పుడు కూడా మనం "ఒంట్లో బాగోలేదు" అనే అన్నాం. ఇప్పుడు అదే మాటతో అమ్మ నెలల తరబడి ఆస్పత్రి చుట్టూ తిరుగుతోంది, జుట్టు ఊడిపోతోంది. ఇక మళ్లీ తనకు జలుబు చేసినా తన జుట్టూ ఊడుతుందేమోనని వణుకుతాడు. అందుకే జబ్బుకు దాని పేరే పెట్టాలి. క్యాన్సర్ అనే మూడక్షరాలు పెద్దవాళ్లను భయపెట్టినంతగా ఆరేళ్లవాడిని భయపెట్టవు. ఆ మాట వెనకున్న చావుల లెక్క వాడికి తెలియదు.

చెప్పడానికి పది నిమిషాలు చాలు. మొదటి కీమోకు రెండు మూడు రోజుల ముందు, పగటిపూట, టీవీ కట్టేసి, వీలైతే అమ్మే చెప్పాలి. పడుకోబోయే ముందు మాత్రం వద్దు. "అమ్మ రొమ్ములో ఒక గడ్డ వచ్చింది. దాని పేరు క్యాన్సర్. దాన్ని తగ్గించడానికి డాక్టర్లు చాలా గట్టి మందు ఎక్కిస్తారు. ఆ మందు వేసిన కొన్ని రోజులు అమ్మకు నీరసంగా ఉంటుంది." ఇక్కడ ఆగాలి. వాడు లేచి ఆటకు పోతే పోనివ్వండి. పట్టించుకోలేదని కాదు, ఆ వయసులో అంతే పడుతుంది. మిగతాది రెండు రోజులయ్యాక, అన్నం తింటూనో స్నానం చేస్తూనో అడుగుతాడు.

అడిగినా అడగకపోయినా మూడు సంగతులు మాత్రం మనమే చెప్పాలి. మొదటిది, ఇది ఎవరి తప్పూ కాదు. ఈ వయసు పిల్లలు తమ తలంపుకే పనులు జరిగిపోతాయని నమ్ముతారు. కోపంలో "నువ్వు నాకొద్దు ఫో" అన్న మర్నాడే అమ్మ ఆస్పత్రికి వెళ్తే, రెండూ కలిపేసుకుంటారు. దీనికి తోడు ఇంట్లో ఎవరో ఒకరు "నువ్విలా సతాయిస్తే అమ్మకు ఇంకా ఎక్కువవుతుంది" అంటారు. అది నోరు జారిన మాటే కావచ్చు గానీ బిడ్డ దాన్ని తీర్పులా వింటాడు. ఇంట్లో వాళ్లందరినీ ఈ ఒక్క మాట అనొద్దని ముందే కూర్చోబెట్టి చెప్పుకోవాలి. రెండోది, ఇది అంటుకోదు. మూడోది, తనను బడికి ఎవరు తీసుకెళ్తారు, అన్నం ఎవరు పెడతారు, రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు అన్నది. "అందరం చూసుకుంటాం" అంటే చాలదు. "సోమవారం కీమో. ఆ రోజు అమ్మమ్మ తీసుకెళ్తుంది, సాయంత్రం నాన్న వస్తాడు" అని క్యాలెండర్ మీద చూపించాలి.

ముందే చెప్పకపోతే బెదిరిపోయే సంగతులు కొన్ని ఉంటాయి. రొమ్ము క్యాన్సర్‌కు తరచూ వాడే డాక్సోరుబిసిన్ అనే కీమో మందు ఎర్రగా ఉంటుంది. ఎక్కించాక ఒకటి రెండు రోజులు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది. బాత్రూమ్‌లో అది చూసిన బిడ్డ రక్తమనుకుంటాడు. "మందు రంగు అది" అని ముందే అంటే సరిపోతుంది. జుట్టు సాధారణంగా మొదటి కీమో తర్వాత రెండు మూడు వారాలకు ఊడటం మొదలవుతుంది. మందు వల్ల ఊడుతోందనీ, జబ్బు ముదిరి కాదనీ, చికిత్స అయ్యాక మళ్లీ వస్తుందనీ చెప్పాలి. ఇంకొకటి చాలామంది మరిచిపోతారు. కీమో తర్వాత రెండో వారం దరిదాపుల్లో, జబ్బులు సోకకుండా కాపాడే రక్తంలోని తెల్లకణాలు బాగా తగ్గుతాయి. అప్పుడు బిడ్డకు జలుబు ఉంటే అమ్మకు దూరంగా ఉంచాల్సి వస్తుంది. కారణం చెప్పకుండా "అమ్మ దగ్గరికి పోకు" అంటే, అంటుకోదని మనం చెప్పిందంతా అబద్ధమైపోతుంది. "నీ జలుబు అమ్మకు అంటకూడదు. తగ్గగానే ఒళ్లో కూర్చుందువు గాని" అనాలి.

బడిలో టీచరుకు ఒక మాట వేసి ఉంచడం మంచిది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా, బడి వేళకే కడుపునొప్పి అంటున్నా, మొదట్లో కొన్నాళ్లు మామూలే. వారాలు గడిచినా తగ్గకపోతే, తిండీ నిద్రా చెడితే, పిల్లల కౌన్సెలర్‌కు చూపించాలి. దగ్గర్లో ఎవరూ లేకపోతే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఎప్పుడో ఒకరోజు ఆ ప్రశ్న రానే వస్తుంది: "అమ్మా, నువ్వు చచ్చిపోతావా?" "ఛ, అవేం మాటలు" అని నోరు మూయిస్తే ఇక ఆ ప్రశ్న మన దగ్గరికి రాదు, వాడి లోపలే ఉండిపోతుంది. "చావనని ఒట్టు" అనడమూ సరికాదు, అది మన చేతిలో లేని మాట. డాక్టరు ధైర్యం చెప్పిన కేసయితే ఇలా అనొచ్చు: "కొంతమంది ఈ జబ్బుతో చనిపోతారు. చాలామందికి తగ్గుతుంది. నాకు తగ్గుతుందనే డాక్టరు మందు ఇస్తున్నారు. ఏదైనా మారితే నీకు చెప్తాను, దాచను." ఆ తర్వాత రిపోర్టు బాగా రాకపోతే, ఆ వారంలోనే చెప్పాలి. వాడు పక్కగదిలోంచి వినకముందే.