మాటలన్నీ మార్చినా కదా మేడం!

ఇప్పుడే స్టాఫ్ రూమ్‌లో ఒక పిల్లోడు నాతో అన్న మాట ఇది. నోట్స్ కాపీ కొట్టినందుకు మార్కెటింగ్ వ్యాసంలో సున్నా వేశానని ఏడుపు మొహం పెట్టుకొని వచ్చాడు. లడ్డూ చిదిపి బూందీ చేసి, మా ఇంట్లోనే వండాం అన్నట్టుంది వాడి వాదన. తిరుపతిలో పుట్టి ఆ మాత్రం తెలియదా?

మీరే చూడండి. మార్కెటింగ్ ప్రొఫెసర్ లెవిట్ గురించి నేనిచ్చిన నోట్స్‌లో ఉన్నది: "అమెరికా రైల్వే కంపెనీలు తాము రవాణా వ్యాపారంలో కాకుండా రైల్వే వ్యాపారంలో ఉన్నామని భావించడం వల్ల వినియోగదారులను కోల్పోయాయని లెవిట్ అంటాడు."

వాడు రాసింది: "అమెరికా రైలు సంస్థలు తాము ట్రాన్స్‌పోర్ట్ బిజినెస్‌లో కాక రైల్వే బిజినెస్‌లో ఉన్నామని అనుకోవడం వల్ల కస్టమర్లను పోగొట్టుకున్నాయి."

చొక్కా మార్చాడు, మనిషి అదే. వాక్యం మొదలైన చోటే మొదలై, తిరిగిన చోటే తిరిగి, ఆగిన చోటే ఆగింది. మారకుండా ఉండాల్సిన ఒకే ఒక్క పేరు, లెవిట్, అది మాత్రం మాయం! పైగా ఇంకో పేజీలో 'టార్గెట్ మార్కెట్'ని 'గురిపెట్టిన సంత' చేశాడు. అయ్యా, అది సబ్జెక్టు పదం, దాన్ని అలాగే ఉంచాలి. దాన్ని మార్చినందుకు ఎవరూ దండ వేయరు.

నోట్స్ మూసేసి, పక్కనోడికి చెప్పినట్టు చెప్పమన్నాను. నసిగి నసిగి చెప్పాడు. దాన్నే రాయించాను:

"ప్రయాణికుడికి కావలసింది ఊరు చేరడం, రైలే కావాలని లేదు. రైల్వేలు ఈ తేడా పట్టించుకోలేదు కాబట్టే జనం కార్లకూ విమానాలకూ మళ్లారని లెవిట్ 1960లో వాదించాడు. మన తిరుపతి-చెన్నై దారిలో బస్సులు నడిపేవాళ్లూ ఇదే ప్రశ్న వేసుకోవాలి."

ఇప్పుడు మాట ప్రయాణికుడితో మొదలైంది. లెవిట్ ఆలోచన ఎక్కడ ఆగిందో, వీడి సొంత మాట ఎక్కడ మొదలైందో కనిపిస్తోంది. పేరు లేకపోతే మాత్రం ఈ చక్కటి వాక్యాలు కూడా దొంగతనమే. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో సున్నా శాతం వచ్చినా సరే. అది పోలిన మాటల్ని పడుతుంది గానీ, ఎత్తుకెళ్లిన ఆలోచనకు కాపలా కాయదు.

నాకెందుకింత మంట అంటారా? నేను ఎంబీఏ చదివేటప్పుడు అలిపిరి దగ్గర మూడు వారాలు ఎండలో నిలబడి, కొండెక్కే వాళ్లను ఏ నీళ్ల సీసా కొంటారు, ఎందుకు కొంటారు అని అడిగి ప్రాజెక్టు రాశాను. మరుసటేడు మా గైడు గారి పేపర్ అచ్చయింది. అవే ప్రశ్నలు, అవే పట్టికలు. నా పేరు ఎక్కడా లేదు. అడిగితే ఆయన చాలా శాంతంగా, "నువ్వు భక్తులు అని రాశావమ్మా, నేను యాత్రికులు అని రాశాను కదా" అన్నారు.