అరవైకి అరవై ఏడు

గ్రూప్ ప్రాజెక్టు ప్రజెంటేషన్లకు రూబ్రిక్, అంటే దేనికెన్ని మార్కులో చెప్పే పట్టిక, తయారుచేసే పని మా డిపార్ట్‌మెంట్‌లో ఒక మాస్టారి నెత్తిన పడింది. టీమ్ పనికి 60, ఎవరి ప్రతిభకు వాళ్లకు 40 అని ఆయన గీత గీశారు. ఆ 60లో కూడా కష్టపడినవాడికీ పక్కన కూర్చున్నవాడికీ ఒకటే మార్కు పడకూడదని పట్టుబట్టారు. అక్కడే మొదలైంది తలనొప్పి.

ముందుగా 'ఈ పనిలో నీ వంతు ఎంత శాతం?' అని ఫారం పంచారు. ఒక టీమ్‌లో నలుగురూ వరసగా 80, 70, 60, 25 అని రాశారు. కూడితే 235. ఆ 25 రాసింది స్లైడ్లన్నీ తయారుచేసిన అమ్మాయి. 80 రాసిన కుర్రాడు ప్రజెంటేషన్ మొత్తంలో అన్నది రెండే మాటలు: "నెక్స్ట్ స్లైడ్."

దాంతో మాస్టారు ఎవరికి వాళ్లు మార్కులేసుకోవడం రద్దు చేశారు. ఒక్కొక్కరి చేతికీ 30 పాయింట్లిచ్చి, మిగతా ముగ్గురికీ పంచమన్నారు. అందరూ సమానంగా పనిచేస్తే తలా 30 వస్తాయి. వచ్చినదాన్ని 30తో భాగించి, ఆ అంకెతో టీమ్ మార్కును గుణిస్తారు. పక్కవాళ్లు ఒప్పందం చేసుకుని పదేసి పంచుకోకుండా, ప్రతి అంకె పక్కనా కారణం రాయమన్నారు.

ఈసారి లెక్క నిక్కచ్చిగా వచ్చింది. స్లైడ్లమ్మాయికి 42, ఇద్దరికి 30, నెక్స్ట్ స్లైడ్‌గారికి 18. టీమ్ మార్కు 48. అమ్మాయి గుణకం 1.4 కాబట్టి 48 ఇంటూ 1.4... 67.2. అరవైకి!

"సార్, మిగిలిన ఏడూ వచ్చే సెమిస్టర్‌కి వేస్తారా?" అని ఆ అమ్మాయి చాలా మర్యాదగా అడిగింది.

మాస్టారు రెండు మార్పులు చేశారు. గుణకం టీమ్ మార్కులో సగానికే వర్తిస్తుంది, మొత్తం 60 దాటదు. అప్పుడు అమ్మాయికి 24 కలిపి 33.6, అంటే 57.6. కుర్రాడికి 38.4. సగం మార్కు కదలకుండా ఉంచితే, స్నేహితుల అలకకు ఎవరూ పూర్తిగా బలైపోరు. నాకు నచ్చింది ఈ భాగమే.

ఇక మిగిలిన 40కి చెరి సగంగా రెండు ప్రశ్నలు: ఒకటి తను చేసిన భాగం మీద, ఇంకోటి పక్కవాడి భాగం మీద. ఏం చేశారో చెబితే సగం, ఎందుకలా చేశారో కూడా చెబితే పూర్తి మార్కులు. మాటకారి గట్టెక్కేది మొదటి సగంలోనే.

"సర్వేకి నలభై మందినే ఎందుకు తీసుకున్నారు?" అని కుర్రాణ్ణి అడిగారు.

"అది టీమ్ డెసిషన్ సార్."

"ఆ టీమ్‌లో నువ్వున్నావా?"

"ఆ రోజు రాలేదు సార్."

మాస్టారు సున్నా వేయబోతుంటే కుర్రాడు ఆశగా ముందుకు వంగాడు. "సార్, నిజం చెప్పినందుకు రూబ్రిక్‌లో గడి ఏమైనా ఉందా?"