రెండో సార్ట్ మొదటి సార్ట్‌ను చెరిపేస్తుందా?

"స్కోరు ప్రకారం సార్ట్ చేసి, ఆ తర్వాత సెక్షన్ ప్రకారం సార్ట్ చేస్తే మొదటిది గల్లంతే. చివరి సార్ట్ ఒక్కటే మిగులుతుంది. ఒక్కోసారి రెండు వరుసలూ సరిగ్గా వస్తే అది లక్కు. కావాలంటే చిన్న లిస్టు మీద చూసుకోండి. రెండు కాలమ్స్ ప్రకారం కావాలంటే రెండూ కలిపి ఒకే కంపారిజన్ రాయాల్సిందే."

సార్టింగ్ గురించి తరచూ వినిపించే మాట ఇది. ముందు గల్లంతు సంగతి. ఆరు రోలున్న ఈ లిస్టు చూడండి.

```python
rows = [("రవి", "B", 72), ("లత", "A", 85),
        ("గోపి", "B", 64), ("ఉమ", "A", 58),
        ("సీత", "B", 91), ("మణి", "A", 85)]

rows.sort(key=lambda r: r[2])   # స్కోరు
rows.sort(key=lambda r: r[1])   # సెక్షన్
```

మొదటి సార్ట్ అయ్యాక వరుస ఇది: ఉమ 58, గోపి 64, రవి 72, లత 85, మణి 85, సీత 91. రెండో సార్ట్ సెక్షన్ ఒక్కటే చూస్తుంది, స్కోరు దానికి కనిపించదు కూడా. అయినా వచ్చే ఫలితం ఇలా ఉంటుంది: ఏ సెక్షన్‌లో ఉమ 58, లత 85, మణి 85, ఆ వెనకే బి సెక్షన్‌లో గోపి 64, రవి 72, సీత 91. ప్రతి సెక్షన్ లోపలా స్కోర్ల వరుస చెక్కుచెదరలేదు.

కారణం తెలియాలంటే ఏవైనా రెండు రోలు తీసుకుని చూస్తే చాలు. ఉమ, గోపిల సెక్షన్లు వేరు కాబట్టి ఎవరు ముందో రెండో సార్ట్ తేల్చేసింది. గోపి, రవి ఇద్దరిదీ బి సెక్షనే. రెండో సార్ట్ దృష్టిలో వాళ్ళిద్దరూ సమానం, వాళ్ళను అటూ ఇటూ మార్చడానికి దానికి కారణమేమీ లేదు. సమానమైన వాటిని వచ్చిన వరుసలోనే ఉంచే సార్ట్‌ను స్టేబుల్ సార్ట్ అంటాం. గోపి ముందు, రవి తర్వాత అన్నది మొదటి సార్ట్ ఇచ్చిన వరుస, అదే అలా నిలబడింది. లిస్టులో ఏ జంటను తీసుకున్నా ఈ రెండు సందర్భాల్లో ఏదో ఒకటే అవుతుంది, మూడోది లేదు.

మరి ఇంతమందికి గల్లంతు ఎందుకు కనిపిస్తోంది? నేను చూసినంతలో ఎక్కువగా జరిగేది ఇది: రెండు లైన్లూ తిరగేసి రాస్తారు. సెక్షన్ ముఖ్యం కదా అని ముందు దాని ప్రకారం సార్ట్ చేసి, ఆ తర్వాత స్కోరుకు వస్తారు. అప్పుడు వచ్చేది ఉమ, గోపి, రవి, లత, మణి, సీత. సెక్షన్లు కలగాపులగం. ఇక్కడ కూడా మొదటి సార్ట్ చెరిగిపోలేదు, కానీ అది కనపడే చోటు బాగా తగ్గిపోయింది. స్కోరు సమానంగా ఉన్న రోల మధ్య మాత్రమే దాని మాట చెల్లుతుంది. ఇక్కడ అలాంటివి లత, మణి మాత్రమే, వాళ్ళిద్దరిదీ ఏ సెక్షనే. స్కోర్లన్నీ వేర్వేరుగా ఉంటే ఆ చోటు కూడా ఉండదు. అందుకే గుర్తుంచుకోవాల్సిన క్రమం: తక్కువ ముఖ్యమైన కాలమ్ ముందు, ఎక్కువ ముఖ్యమైనది చివర.

లక్కు అన్న మాటను మాత్రం అస్సలు ఒప్పుకోలేను. కంప్యూటర్లు రాకముందు పంచ్ కార్డులను సార్ట్ చేసే యంత్రాలు ఈ గుణం మీదే నడిచేవి. ఆ యంత్రం ఒక విడతలో ఒక్క కాలమ్‌నే చూసి కార్డులను అరల్లోకి పంపేది. మూడంకెల నంబర్లయితే ముందు ఒకట్ల స్థానం, తర్వాత పదులు, చివర వందలు. 352, 341, 251 తీసుకోండి. ఒకట్ల విడత అయ్యాక 341, 251, 352. పదుల విడత తర్వాత కూడా అదే వరుస. వందల విడతలో 251 రెండో అరలోకి పోతుంది, 341, 352 రెండూ మూడో అరలోకి పోతాయి. అక్కడ 341 ముందుండడానికి కారణం అంతకుముందు విడతలు దాన్ని ముందు పెట్టడమే. అరల్లోంచి కార్డులు తీసేటప్పుడు వాటి వరుస చెదిరితే చేసిన పనంతా పాడైనట్టే.

చిన్న లిస్టు మీద చూసుకోమన్న సలహా అన్నిటికంటే ప్రమాదకరం, ఎందుకంటే స్టేబుల్ కాని సార్ట్‌లూ నిజంగానే ఉన్నాయి. సెలెక్షన్ సార్ట్‌లో వరుస ఎలా చెదురుతుందో మూడు రోలతోనే చూడొచ్చు. లత 85, మణి 85, ఉమ 58 అన్న వరుసలో అన్నిటికంటే చిన్నది ఉమ. దాన్ని మొదటి చోటుకు తేవాలంటే అక్కడున్న లతతో చోటు మార్చాలి. దాంతో లత ఒక్క గెంతులో మణిని దాటుకుని చివరికి పోతుంది. వచ్చేది ఉమ, మణి, లత. దూరంగా ఉన్న రెండిటిని ఇలా చోటు మార్చే పద్ధతుల్లో ఈ సమస్య వస్తుంది, మామూలు క్విక్‌సార్ట్ కూడా అలాంటిదే. పక్కపక్కవాటినే జరుపుతూ పోయే ఇన్సర్షన్ సార్ట్‌లో ఇది రాదు.

ఇప్పుడు ఇన్సర్షన్ సార్ట్, క్విక్‌సార్ట్ రెండిటినీ కలిపి వాడే లైబ్రరీని ఊహించుకోండి. జావాస్క్రిప్ట్ నడిపే V8 ఇంజన్ చాలాకాలం అలాగే ఉండేది: 10 లేదా అంతకంటే తక్కువ అంశాలుంటే ఇన్సర్షన్ సార్ట్, దాటితే క్విక్‌సార్ట్. పది రోల టెస్ట్ ఎన్నిసార్లు నడిపినా పాసవుతుంది. అసలు డేటా వచ్చాక వరుస చెదురుతుంది, తప్పు ఎక్కడుందో తెలియక టెన్షన్. 2019 నాటి భాషా ప్రమాణం నుంచి జావాస్క్రిప్ట్ `sort` స్టేబుల్‌గా ఉండి తీరాలి, కాబట్టి ఆ గొడవ ఇప్పుడు లేదు. కానీ C++ లో `std::sort` ఆ హామీ ఇవ్వదు, దానికి `std::stable_sort` వేరుగా ఉంది. పాండాస్ `sort_values` ఒకే కాలమ్ మీద మామూలుగా క్విక్‌సార్ట్ వాడుతుంది, ఒకదాని తర్వాత ఒకటిగా సార్ట్ చేయాలంటే `kind="stable"` అని రాయాలి. పైథాన్ `sort` మాత్రం 2.3 వెర్షన్ నుంచీ హామీగా స్టేబులే.

అనుమానముంటే ప్రతి రోకి ఒక క్రమసంఖ్య తగిలించండి. కొన్ని వేల రోలు, నాలుగైదు విలువలు మాత్రమే ఉండే కాలమ్ తీసుకుని సార్ట్ చేయండి. ఒకే విలువ ఉన్న రోల మధ్య క్రమసంఖ్య ఎక్కడైనా వెనక్కి తగ్గితే ఆ సార్ట్ స్టేబుల్ కాదు. తగ్గకపోతే మాత్రం అది రుజువు కాదు, డాక్యుమెంటేషన్‌లో హామీ ఉందో లేదో చూడాల్సిందే.

ఇక ఒకే కంపారిజన్ రాయాలన్న దానిలో సగం న్యాయముంది. `key=lambda r: (r[1], r[2])` అని రాస్తే ఒక్క విడతలో పనైపోతుంది, సార్ట్ స్టేబుల్ కాకపోయినా ఆ రెండు కాలమ్స్ వరకు వరుస సరిగ్గా వస్తుంది. వీలైన చోట నేనూ అదే రాస్తాను. కానీ పేరు అవరోహణలో, సెక్షన్ ఆరోహణలో కావాలంటే? స్కోరు ముందు మైనస్ పెట్టినట్టు పేరు ముందు పెట్టలేం. అక్కడ రెండు విడతలే తేలిక:

```python
rows.sort(key=lambda r: r[0], reverse=True)
rows.sort(key=lambda r: r[1])
```

`reverse=True` సమానమైన వాటి వరుసను కాపాడుతుంది. దాని బదులు సార్ట్ చేశాక లిస్టు మొత్తాన్ని `rows.reverse()` తో తిప్పితే సమానమైనవి కూడా తలకిందులవుతాయి. ఆరోహణలో వరుసగా ఉన్న లత, మణి అప్పుడు మణి, లత అవుతారు.

డేటాబేస్‌లో మాత్రం రెండూ కలిపి ఒకేచోట రాయాలన్న మాట పూర్తిగా నిజం. లోపలి క్వెరీలో స్కోరుతో, బయటి క్వెరీలో సెక్షన్‌తో `ORDER BY` పెడితే లోపలి వరుస నిలుస్తుందని SQL ఎక్కడా హామీ ఇవ్వదు. అక్కడ `ORDER BY section, score` అని ఒకేచోట రాయాలి.