20 అడుగుల కేసింగ్ చాలంట!

ఇప్పుడే పక్క ప్లాటు దగ్గర్నుంచి వచ్చాను. ఒళ్లు మండిపోతోంది, అందుకే స్నానం కూడా చేయకుండా రాస్తున్నాను. పొద్దున ఆరింటికే బోరు బండి వచ్చింది. ఈశాన్య మూలన కొబ్బరికాయ కొట్టి, గోడకు మూడడుగుల దూరంలో మొదలుపెట్టేశారు. ఆ గోడకు అవతల ఏముందో మా వీధిలో అందరికీ తెలుసు. వెనకింటివాళ్ల సెప్టిక్ ట్యాంకు!

వెళ్లి ఆ ప్లాటు కుర్రాడికి చెప్పాను. "తమ్ముడూ, నా బోరు కూడా ఇలాగే పాడైంది, కాస్త ముందుకు జరుపు, కేసింగ్ పైపు లోతుగా దించమను" అన్నాను. "అక్కా, 600 అడుగులు వేస్తున్నాం, అంత లోతు నీళ్లలోకి మురికి ఎక్కడొస్తుంది?" అన్నాడు. బోరు బండి అతనైతే నా వైపు చూడను కూడా లేదు. "రాయి తగిలిందమ్మా, 20 అడుగులు చాలు" అని ఒకే పైపు దించేశాడు.

ఈ 600 అడుగుల మాట వినీ వినీ నాకు విసుగొచ్చింది. బోరు ఎంత లోతుందన్నది కాదండీ, కేసింగ్ ఎంత లోతుందన్నది అడగాలి. హైదరాబాద్ చుట్టుపక్కల నేలంతా పైన మట్టి, దాని కింద ఎర్రటి మొరం, ఆ కింద గట్టి రాయి. ట్యాంకుల్లోంచి కారే మురికి నీళ్లు చేరేది ఆ మొరంలోనే. కేసింగ్ పని దాన్ని అడ్డుకోవడం. మొరం పూర్తిగా దాటి, గట్టి రాయిలోకి ఇంకో పదడుగులైనా పైపు దిగాలి. అంతకంటే పైనే ఆగిపోతే మొరంలోని నీళ్లు పైపు కింది అంచు దగ్గర బోరులోకి కారతాయి. మీ మోటారు 500 అడుగుల దగ్గరున్నా ఆ నీళ్లు కారుతూ పోయి చేరేది అక్కడికే.

"రాయి తగిలింది" అన్న మాట దగ్గరే మనం మోసపోతాం. మా వైపు మొరంలో గుండ్లు ఉంటాయి, నాలుగైదు అడుగుల మందం ఉన్నవి కూడా. బిట్టు గుండుకు తగలగానే శబ్దం మారుతుంది, బూడిద రంగు పొడి వస్తుంది, బండ వచ్చిందంటారు. కాసేపాగి చూడండి. గుండు దాటాక మళ్లీ ఎర్రపొడి వచ్చిందంటే అది బండ కాదు, కింద ఇంకా మొరం ఉంది. 2016లో నా బోరులో జరిగింది ఇదే. 21 అడుగుల దగ్గర రాయి తగిలిందని కేసింగ్ ఆపేశారు. 26 నుంచి 38 దాకా ఎర్రపొడే వచ్చింది. నేను అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను, కానీ దాని అర్థం ఏంటో నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పన్నెండడుగుల మొరానికి ఇప్పటికీ అడ్డు లేదు.

మూడో వానాకాలంలో బయటపడింది. రాత్రంతా మోటారు ఆపి పొద్దున వేస్తే మొదటి రెండు బకెట్లు వాసన. వాన పడిన మర్నాడు నీళ్లు మసక. మా నాన్న ఊళ్లో బావులు చూసిన మనిషి. ఎండ బాగా ఉన్న రోజు మోటారు పైకి తీయించి, చేతి అద్దంతో ఎండను బోరులోకి కొట్టి చూపించాడు. కేసింగ్ అంచు కింద గోడ మీద తడి మెరుస్తోంది, సన్నటి ధార కిందికి జారుతోంది. బయట వాన చుక్క లేదు, నేల ఎండిపోయి ఉంది. ఆ నీళ్లు ఎక్కడివో వేరే చెప్పాలా? తర్వాత పరీక్ష సీసాలో నీళ్లు పోసి పెడితే ఒక రోజుకే నల్లగా మారింది, అంటే మురుగు క్రిములు ఉన్నట్టే. ల్యాబులో నైట్రేట్ లీటరుకు 90 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటికి గరిష్ఠ హద్దు 45. అప్పుడు మా పాపకు నాలుగు నెలలు. నేను ఆ నీళ్లే కాచి పాలపొడి కలిపాను. కాస్తే క్రిములు చస్తాయి గానీ నైట్రేట్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పసిపిల్లల రక్తానికి అది ప్రమాదమని డాక్టరమ్మ చెప్పిన రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

దూరం సంగతి వినండి. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకిపోయే గుంటకూ తాగునీటి బావికీ మధ్య కనీసం 18 మీటర్లు, అంటే దాదాపు 60 అడుగులు ఉండాలని భారత ప్రమాణాల్లో రాసి ఉంది. మావి 30 బై 45, అంటే 150 గజాల ప్లాట్లు. ఈ మూల నుంచి ఆ మూలకు ఏటవాలుగా కొలిచినా 54 అడుగులే. మన ప్లాటులో ఎంత జరిపినా 60 రాదు. దానికి తోడు వాస్తు. మా వీధి పడమటి ముఖం, ఈశాన్యం వెనక వస్తుంది, బోరు అక్కడ. వెనక వీధి తూర్పు ముఖం, వాళ్ల వాయవ్యం కూడా వెనకే, ట్యాంకు అక్కడ. మా ఈశాన్యమూ వాళ్ల వాయవ్యమూ ఒకే గోడకు అటూ ఇటూ! రెండిళ్లవాళ్లూ శాస్త్రం ప్రకారమే కట్టుకున్నారు, మధ్యలో ఆరడుగులు. ఉత్తర గోడ వెంబడి ఇరవై అడుగులు ముందుకు జరిపితే వాస్తుకూ ఇబ్బంది లేదు కదా అని మొత్తుకున్నాను. ఆరడుగులూ పాతికడుగులూ ఒకటేనా?

ఇంతలో వెనకింటాయన గోడ మీంచి తొంగి చూసి ఏమన్నాడో తెలుసా? "మా ట్యాంకు పదేళ్లయినా నిండలేదమ్మా, ఒక్కసారి కూడా బండి పిలవలేదు" అని గొప్పగా చెప్పాడు. నలుగురుండే ఇంట్లో పదేళ్లపాటు ట్యాంకు నిండలేదంటే అది ట్యాంకు కాదు. అడుగున కాంక్రీటు వేయకుండా ఒరలు దించిన గుంట అది. పోసిందంతా భూమిలోకి పోయింది, మా మొరంలోకి పోయింది, నా బిడ్డ పాలసీసాలోకి వచ్చింది!

ఆయన్ని అని ఏం లాభం? ఈ ప్లాట్లు అమ్మిన వెంచర్ మనిషి రంగుల బ్రోచర్‌లో అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ అని రాశాడు. వీధి చివర రెండు మ్యాన్‌హోల్ మూతలు కూడా పెట్టి చూపించాడు. రిజిస్ట్రేషన్లు అయ్యాక మూత తీసి చూస్తే కింద పైపే లేదు, మట్టి! అడగడానికి పోతే ఆఫీసు ఖాళీ చేశాడు. ఆ డ్రైనేజీ వేసి ఉంటే ఈ రోజు ఏ ఇంట్లోనూ గుంట ఉండేది కాదు. మా ఆయనా నేనూ పదకొండేళ్ల జీతం పోసి కొన్న నేల అది.

సరే, బోరు దగ్గరికొస్తాను. పైన 9 అంగుళాల రంధ్రం వేసి 7 అంగుళాల పైపు దించుతారు. పైపు చుట్టూ అంగుళం సందు ఉంటుంది. దాన్ని తవ్విన పొడితోనే పూడ్చేసి వెళ్లిపోతారు. కేసింగ్ ఎంత లోతు దించినా ఆ సందు వెంబడి మురికి జారిపోతుంది. అందులో అడుగు నుంచి పైకి వచ్చేలా సన్న పైపుతో సిమెంటు పాలు పోసి, ఒక రోజు ఆరనిచ్చి, తర్వాత లోపల డ్రిల్లింగ్ చేయాలి. 40 అడుగులకు ఐదు బస్తాల సిమెంటు పడుతుంది. అంతే! కానీ బండివాళ్లు ఒప్పుకోరు, ఎందుకంటే వాళ్ల లెక్క అడుగుల మీద, బండి ఒక రోజు ఆగితే వాళ్లకు నష్టం. ఆ ఒక రోజు కిరాయి మనమే ఇస్తామని ముందే మాట్లాడుకోవాలి. ఇల్లు లేచాక బండి లోపలికి రాదు, అప్పుడు ఎంత డబ్బున్నా తిరిగి వేయించలేం.

నేను ఇదంతా చెబుతుంటే ఆ పిల్లాడి భార్య మాత్రం విన్నది. ఆరో నెల గర్భిణి. "అక్కా, ఎర్రపొడి అంటే ఏది?" అని అడిగింది. కుప్పలో చేయి పెట్టి చూపించాను. అప్పటికే 34 అడుగుల దగ్గర ఉన్నారు, పొడి ఎర్రగానే వస్తోంది. ఆ అమ్మాయి వెళ్లి మొగుడి చేయి పట్టుకుని చెప్పింది. అతను బండి అతన్ని అడిగాడు. బండి అతను చేయి ఊపి మిషన్ ఆపకుండా కానిచ్చేశాడు.

నేను ఇంటికొచ్చేశాను. ఇది రాస్తుంటే ఆ చప్పుడు ఇంకా వినిపిస్తూనే ఉంది.