కొనేవాడితో పనిలేని లాభం

లాభం రావాలంటే సరుకు అమ్ముడుపోవాలన్న మూఢనమ్మకం మన వ్యాపారులను తరతరాలుగా పీడిస్తోంది. హైదరాబాదులో జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఉన్న ఒక బీరువాల ఫ్యాక్టరీ మొన్నటి మార్చి నాటికి ఈ నమ్మకం నుంచి విముక్తి పొందింది. ఆ ఫ్యాక్టరీ ఖర్చుల లెక్కలు రాసేవాడిని నేనే కనుక దాని పేరు చెప్పడం మర్యాద కాదు.

అక్కడ ఒక బీరువా 12,000 రూపాయలకు అమ్ముతారు. రేకు, రంగు, తాళం, వెల్డింగు కూలీ కలిపి ఒక్కోదానికి 7,000 ఖర్చవుతుంది. ఇవి కాక షెడ్డు అద్దె, సూపర్‌వైజర్ల జీతాలు, యంత్రాల తరుగుదల కలిసి మూడు నెలలకు 30 లక్షలు; బీరువాలు చేసినా, చేయకపోయినా ఆ 30 లక్షలు కట్టాల్సిందే. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వెయ్యి బీరువాలు చేసి, వెయ్యీ అమ్మారు. మిగిలింది 20 లక్షలు. ఆ 30 లక్షలను ఆ మూడు నెలల ఖర్చుగానే రాసే మార్జినల్ కాస్టింగ్ పద్ధతిలో చూసినా, తయారైన సరుకు మీదికి పంచే అబ్జార్ప్షన్ కాస్టింగ్ పద్ధతిలో చూసినా అంతే వచ్చింది, ఎందుకంటే గోదాములో ఏమీ మిగల్లేదు.

జనవరిలో కొత్త మేనేజరు గారు వచ్చారు. అమ్మకాలు పెంచడం కష్టమని ఆయన నిజాయితీగా ఒప్పుకుని, ఉత్పత్తిని 1,500కు పెంచారు. మార్చి ఆఖరుకు అమ్ముడుపోయినవి మళ్ళీ వెయ్యే. అమ్మే రేటు మారలేదు, ఖర్చుల రేట్లు మారలేదు, కొన్నవాళ్ళ సంఖ్య మారలేదు, లాభం మాత్రం 30 లక్షలైంది.

అదెలాగో చెబుతాను. అబ్జార్ప్షన్ పద్ధతిలో ఆ 30 లక్షల స్థిర ఖర్చును తయారైన ప్రతి బీరువాకూ పంచుతారు. వెయ్యికి పంచినప్పుడు ఒక్కోదానికి 3,000 పడింది. 1,500కు పంచితే 2,000 చొప్పునే పడుతుంది. దాంతో బీరువా తయారీ ఖర్చు 9,000కు దిగి, అమ్మిన ఒక్కోదానిపై 3,000 మిగిలింది. మరి మిగతా స్థిర ఖర్చు ఎక్కడికి పోయిందంటారా? గోదాములో ఉన్న 500 బీరువాలను తెరవండి. ఒక్కోదాని లాకరులో 2,000 రూపాయల అద్దె, జీతం, తరుగుదల భద్రంగా ఉంటాయి. మొత్తం 10 లక్షలు. ఖర్చుగా లాభనష్టాల ఖాతాలోకి రావలసిన సొమ్ము, ముగింపు సరుకు అనే గౌరవప్రదమైన పేరుతో ఆస్తి అప్పుల పట్టీలో కూర్చుంది. మా సరుకే బీరువా కావడం వల్ల దాచడం మాకు వంశపారంపర్య విద్య అనుకోవాలి.

మార్జినల్ కాస్టింగ్‌కు ఈ సంస్కారం లేదు. మూడు నెలల అద్దె మూడు నెలలతోనే చెల్లిపోయిందని, మిగిలిన బీరువా విలువ దానికైన 7,000 మాత్రమేనని మొండిగా వాదించి, లాభం పాత 20 లక్షలే చూపుతుంది. ఆ మొండితనం వల్లే కాబోలు, బయటివారికి చూపే లెక్కల్లో దానికి చోటు లేదు. సరుకు విలువ కట్టే అకౌంటింగ్ ప్రమాణం ఉత్పత్తి స్థిర ఖర్చులను సరుకులో కలపాలనే అంటుంది. యంత్రాలు ఖాళీగా ఉన్నాయని ఒక్కో వస్తువు మీద ఎక్కువ భారం వేయకూడదని హద్దు పెట్టింది గానీ, అవసరానికి మించి చేసినప్పుడు ఒక్కో వస్తువుకు పడే వాటా తగ్గడానికి అభ్యంతరం చెప్పలేదు. కనుక మా మేనేజరు గారు ఏ నియమాన్నీ మీరలేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఈ మార్గంలో ఇంకా ముందుకు వెళ్ళవచ్చు. 1,500 చేసి ఒక్కటి కూడా అమ్మలేదనుకోండి. మార్జినల్ పద్ధతి 30 లక్షల నష్టమని గుండెలు బాదుకుంటుంది. అబ్జార్ప్షన్ పద్ధతిలో నష్టం సున్నా, ఎందుకంటే ఖర్చంతా గోదాములోనే ఉంది. అయితే ఈ మహత్తు, ఆ బీరువాలు ఒక్కోటి 9,000కు తగ్గకుండా అమ్ముడుపోతాయని నమ్మబలికినంత కాలమే. తుప్పు పట్టి 6,000కే పోతాయని ఆడిటరు గారు గ్రహిస్తే, విలువను అంతకు దించక తప్పదు.

బ్యాంకు ఖాతా ఒక్కటే మా ప్రగతిని అర్థం చేసుకోలేకపోయింది. అదనపు 500 బీరువాలకు రేకు, కూలీ కలిపి 35 లక్షలు నగదుగా బయటికి పోయాయి. లాభం 10 లక్షలు పెరిగిన మార్చి నెలలోనే రేకు వ్యాపారికి ఇచ్చిన చెక్కు వెనక్కి వచ్చింది. అమ్మకాలు కదలకుండా ముగింపు సరుకూ లాభమూ కలిసి పెరిగితే ఏమనుకోవాలో ఆ రేకు వ్యాపారికి కాస్టింగ్ చదవకుండానే తెలిసింది.

లాభంలో వాటాగా రావలసిన బోనస్ తీసుకుని మేనేజరు గారు ఏప్రిల్‌లో మరో కంపెనీకి వెళ్ళిపోయారు. ఆయన స్థానంలో వచ్చినాయన గోదాములో నడవడానికి దారి లేదని 500 మాత్రమే చేయించి, పాతవాటితో కలిపి వెయ్యీ అమ్మారు. లాకర్లలోని 10 లక్షలు బయటికొచ్చి, ఆ మూడు నెలల 30 లక్షలకు తోడయ్యాయి. లాభం 10 లక్షలకు పడింది. మార్జినల్ లెక్కలో ఆయనదీ 20 లక్షలే. కానీ ఆ కాగితం ఎవరూ అడగలేదు. లాభం మూడోవంతుకు ఎందుకు పడిపోయిందో సంజాయిషీ ఇమ్మని యాజమాన్యం ఆయనకు నోటీసు పంపింది. దాన్ని టైపు చేసింది కూడా నేనే.